వేరే విశ్వవిద్యాలయంలో ల్యాబ్ పనికి వెళ్లాలంటే: అనుమతి లేఖ నుంచి జాయినింగ్ రిపోర్టు దాకా

పీహెచ్‌డీ స్కాలర్ రెండు నెలలు ఇంకో విశ్వవిద్యాలయం ల్యాబ్‌లో పని చేసుకు రావడానికి అనుమతి అడిగేటప్పుడు, లేఖలో "విషయం" అన్నచోట చాలామంది "స్టడీ లీవ్ మంజూరు గురించి" అని రాసేస్తారు. గైడు సంతకం పెడతారు, హెచ్‌ఓడీ ఫార్వర్డ్ చేస్తారు, ఫైలు అకడమిక్ సెక్షన్‌కి చేరుతుంది. అక్కడ దాన్ని లీవు దరఖాస్తుగానే చూస్తారు. స్కాలర్ లీవు ఖాతా తీసి, మిగిలిన రోజులు లెక్కగట్టి, చాలకపోతే మిగతా రోజులకు ఫెలోషిప్ ఇవ్వనక్కర్లేదని నోట్ రాసేస్తారు. ఇందులో సెక్షన్ వాళ్ల తప్పేమీ లేదు. అడిగింది లీవు కాబట్టి లీవు నిబంధన చూశారు.

అందుకే లేఖ మొదలుపెట్టేముందు ఏం అడుగుతున్నామో తేల్చుకోవాలి.

లీవా, ఆన్ డ్యూటీయా

యూజీసీ జేఆర్‌ఎఫ్ తీసుకుంటున్నవారికి ప్రభుత్వ సెలవులు కాక ఏడాదికి గరిష్ఠంగా 30 రోజుల సెలవు ఉంటుంది. వేసవి సెలవులు, సంక్రాంతి సెలవులు లాంటివి వీళ్లకు వర్తించవు. 60 రోజులు బయట ఉంటామని లీవు అడిగితే, ఆదివారాలు మినహాయించినా ఆ 30 దాటిపోతుంది. పైబడిన రోజులకు ఫెలోషిప్ కోత పడుతుంది. ప్రస్తుతం నెలకు 37,000 రూపాయల ఫెలోషిప్ కాబట్టి, సెక్షన్ వాళ్లు రోజులు లెక్కించే పద్ధతిని బట్టి మూడింట రెండొంతుల నుంచి నెల మొత్తం దాకా పోవచ్చు. పైగా ఆ ఏడాదిలో జ్వరమొచ్చినా పెళ్లయినా వాడుకోవడానికి ఒక్క రోజు మిగలదు.

నిజానికి మీరు చేయబోయేది సెలవు కాదు, మీ థీసిస్ పనే. చోటు మాత్రమే వేరు. కాబట్టి అడగాల్సింది "పరిశోధన పని నిమిత్తం ఫలానా విశ్వవిద్యాలయంలో ఫలానా తేదీల్లో పనిచేయడానికి అనుమతి, ఆ కాలాన్ని ఆన్ డ్యూటీగా పరిగణించడం". మీ విశ్వవిద్యాలయం ఫారంలో "స్టడీ లీవ్", "అకడమిక్ లీవ్" అనే గళ్లు మాత్రమే ఉంటే ఆ ఫారమే నింపండి, కానీ జతచేసే లేఖలో పై వాక్యం తప్పకుండా పెట్టండి. కొన్నిచోట్ల అకడమిక్ లీవ్ అంటే ఫెలోషిప్ లేకుండా ఇచ్చే సెలవు అనే అర్థం స్థిరపడిపోయింది. అందుకని ఆ గడిలో టిక్కు పెట్టేముందు సెక్షన్ సూపరింటెండెంట్‌ని ఒక మాట అడగడం మంచిది.

ఇంకో రెండు రకాలవారి సంగతి వేరు. ప్రాజెక్టులో జేఆర్‌ఎఫ్‌గా ఉన్నవారికి జీతం ఇచ్చేది ప్రాజెక్టు కాబట్టి, ప్రాజెక్టు పీఐ రాతపూర్వక అంగీకారం కావాలి. వెళ్లే పని ప్రాజెక్టు లక్ష్యాల్లోది కాకుండా థీసిస్‌లోని వేరే అధ్యాయానిదైతే ఆడిట్‌లో ప్రశ్న వస్తుంది. ఉద్యోగం చేస్తూ పార్ట్‌టైమ్ పీహెచ్‌డీ చేసేవారైతే రెండు లేఖలు రాయాలి: ఒకటి విశ్వవిద్యాలయానికి, రెండోది ఉద్యోగమిచ్చిన సంస్థకు. వీళ్ల విషయంలో రెండోది నిజంగానే లీవు దరఖాస్తు. చేరినప్పుడు ఇచ్చిన ఎన్‌ఓసీ ఉంది కదా అనుకుంటారు. ఆ ఎన్‌ఓసీ పీహెచ్‌డీ చేయడానికి, అవసరమైతే కోర్స్‌వర్క్‌కి వదలడానికి ఇచ్చినది. రెండు నెలలు వేరే ఊళ్లో ఉండటానికి అది చెల్లదు.

ఆన్ డ్యూటీ వచ్చినా, లీవు వచ్చినా ఆ కాలం పీహెచ్‌డీ గడువులోంచే పోతుంది. 2022 యూజీసీ నిబంధనల ప్రకారం చేరిన నాటి నుంచి గరిష్ఠంగా ఆరేళ్లు, ఆపైన రీ-రిజిస్ట్రేషన్‌తో మరో రెండేళ్లు. బయట పనిచేసిన రెండు నెలలకు బదులుగా రెండు నెలలు ఎవరూ కలపరు.

రోజుల లెక్క: ఒక ఉదాహరణ

అనుమతి పరిశీలించే కమిటీలో ఎక్కువ ఫైళ్లు ఆగేది "ఎన్ని రోజులు, ఎందుకు" అన్న దగ్గరే. "సుమారు రెండు నెలలు" అని రాస్తే, "నెల చాలదా" అని తిరిగొస్తుంది. అందువల్ల పనిని విడగొట్టి రోజులు రాబట్టాలి.

వృక్షశాస్త్రంలో ఒక స్కాలర్ వేరుశనగలో నీటి ఎద్దడికి స్పందించే జన్యువుల మీద పనిచేస్తున్నారనుకుందాం. సొంత విభాగంలో మామూలు పీసీఆర్ ఉంది, జన్యువుల వ్యక్తీకరణను కొలిచే రియల్ టైమ్ పీసీఆర్ యంత్రం లేదు. రెండు రకాల వేరుశనగ, నీళ్లు పెట్టినవి పెట్టనివి, రెండు వేర్వేరు రోజుల్లో తీసిన ఆకులు, ఒక్కోదానికి మూడు మొక్కలు: 2 × 2 × 2 × 3 = 24 నమూనాలు. చూడాల్సిన జన్యువులు ఆరు, పోల్చడానికి రిఫరెన్స్ జన్యువులు రెండు, మొత్తం ఎనిమిది.

ఇప్పుడు ప్లేట్లు లెక్కేద్దాం. ఒక ప్లేటులో 96 గుంటలు. ఒక్కో జన్యువుకు 24 నమూనాలను మూడేసిసార్లు వేస్తే 72 గుంటలు, నమూనా లేని కంట్రోలు మూడు, వెరసి 75. అంటే ఒక జన్యువుకు ఒక ప్లేటు, ఎనిమిదింటికి ఎనిమిది. అంతకంటే ముందు ప్రైమర్లు సరిగా పనిచేస్తున్నాయో చూడాలి. ఒక్కో ప్రైమర్ జతకు ఐదు పలుచన స్థాయిలు, మూడేసిసార్లు, కంట్రోలు మూడు, మొత్తం 18 గుంటలు. ఒక ప్లేటులో ఐదు జతలు పడతాయి కాబట్టి ఎనిమిది జతలకు రెండు ప్లేట్లు. మొత్తం పది ప్లేట్లు.

ఒక్కో ప్లేటు యంత్రంలో నడవడానికి రెండు గంటలు పడుతుంది. పది ప్లేట్లకు ఇరవై గంటలు. కమిటీలో ఒకరు ఈ లెక్క వేసి, "మూడు రోజుల పనికి రెండు నెలలా?" అని అడిగారంటే ఆశ్చర్యపోనక్కర్లేదు. దానికి జవాబు వర్క్ ప్లాన్‌లో ముందే ఉండాలి: ఆ యంత్రం మీద బయటివారికి వారానికి రెండు స్లాట్లే ఇస్తారు, ఒక స్లాటులో ఒక ప్లేటే నడుస్తుంది. పది ప్లేట్లంటే ఐదు వారాలు. ఈ ఒక్క వాక్యం లేక పొట్టి అయిపోయిన అనుమతులు చాలా ఉంటాయి.

దాన్నిబట్టి వారాల పట్టిక ఇలా వస్తుంది:

- 1వ వారం: ల్యాబ్ భద్రతా శిక్షణ, యంత్రం వాడకంపై శిక్షణ, రోజుకు ఎనిమిది చొప్పున మూడు రోజుల్లో 24 నమూనాల నుంచి ఆర్‌ఎన్‌ఏ తీయడం
- 2వ వారం: నాణ్యత తప్పిన నమూనాలను మళ్లీ తీయడం, సీడీఎన్‌ఏ తయారీ
- 3వ వారం: ప్రైమర్ల పరీక్ష, 2 ప్లేట్లు
- 4 నుంచి 7వ వారం: వారానికి 2 చొప్పున 8 ప్లేట్లు
- 8వ వారం: తప్పిన ప్లేట్లు మళ్లీ వేయడం, డేటా కాపీ, బెంచ్ అప్పగింత

ఎనిమిదో వారం మీద అభ్యంతరం వస్తే వదులుకోవద్దు. నమూనా వేయని కంట్రోలులోనూ సిగ్నల్ వచ్చిందంటే ఎక్కడో కలుషితమైందన్నమాట. ఆ ప్లేటు చెల్లదు, కొత్త నీళ్లు, కొత్త ప్రైమర్ పలుచనలతో మళ్లీ వేయాల్సిందే. ప్రైమర్ సామర్థ్యం 90 నుంచి 110 శాతం మధ్య రాకపోతే ఆ జత మార్చాలి. కొత్త ప్రైమర్ తెప్పించడానికి రోజులు పడుతుంది. పది ప్లేట్లలో ఒకటీ అరా తప్పడం మామూలే.

కమిటీలో రెండో ప్రశ్న కూడా వస్తుంది: "నమూనాలు పంపిస్తే డబ్బు తీసుకుని వాళ్లే చేసిపెడతారు కదా?" ఇది సరైన ప్రశ్న. నిజంగా నమూనాలు పంపితే అయిపోయే పనైతే పంపండి, రెండు నెలలు అడగకండి. ఈ ఉదాహరణలో మాత్రం ప్రతి దశలోనూ ముందటి ఫలితం చూసి నిర్ణయం తీసుకోవాల్సి ఉంది. ఏ నమూనా ఆర్‌ఎన్‌ఏ మళ్లీ తీయాలి, ఏ రిఫరెన్స్ జన్యువు ఎద్దడిలోనూ నిలకడగా ఉంది, ఏ ప్రైమర్ వదిలేయాలి అన్నవి థీసిస్ రాసేవారే తేల్చుకోవాలి. గైడు సిఫార్సులో ఈ మాటే ఉండాలి. "విద్యార్థికి మంచి అనుభవం వస్తుంది" లాంటి వాక్యంతో ఈ ప్రశ్నకు జవాబు దొరకదు.

తేదీలు వేసేటప్పుడు నమూనాల ప్రయాణాన్ని కూడా లెక్కలోకి తీసుకోండి. పని 2026 జూలై 6 సోమవారం మొదలైతే శనివారం బయల్దేరి ఆదివారం దిగుదామనిపిస్తుంది. డ్రై ఐస్ పెట్టెలో ఆకులు పట్టుకుని ఆదివారం చేరితే, మైనస్ 80 డిగ్రీల ఫ్రీజరు ఉన్న గదికి తాళం ఉంటుంది. డ్రై ఐస్ సోమవారం దాకా ఆగకపోవచ్చు. కాబట్టి జూలై 2 గురువారం బయల్దేరి, 3వ తేదీ శుక్రవారం పనివేళల్లో నమూనాలు అప్పగించేలా చూసుకోవాలి. విమానంలో వెళ్తే డ్రై ఐస్‌కి విమాన సంస్థ అనుమతి ముందే తీసుకోవాలి, ఒక్కొక్కరికి 2.5 కిలోలకు మించి ఒప్పుకోరు. ఎనిమిది వారాల పని ఆగస్టు 28 శుక్రవారం ముగుస్తుంది, తర్వాతి రెండు రోజులు ప్రయాణం, 31 సోమవారం తిరిగి చేరిక. అంటే అడగాల్సింది జూలై 2 నుంచి ఆగస్టు 30 వరకు, ప్రయాణంతో కలిపి 60 రోజులు.

హోస్ట్ ల్యాబ్ నుంచి ఏ లేఖ రావాలి

"మీ విద్యార్థిని పంపండి, సంతోషం" అన్న ఈమెయిల్ ప్రింటవుటు జతచేసి ఫైలు పెట్టేవారున్నారు. అది పరిచయానికి సరిపోతుంది, ఫైలుకు చాలదు. లెటర్‌హెడ్ మీద, హోస్ట్ ప్రొఫెసర్ సంతకంతో, వీలైతే ఆ విభాగాధిపతి ఆమోదంతో లేఖ కావాలి. అక్కడికి చేరాక ఐడీ కార్డు, హాస్టల్, ల్యాబ్ ప్రవేశం ఇవ్వాల్సింది విభాగమే. ప్రొఫెసర్ సంతకం ఒక్కటే ఉంటే ఆ పనులు ఆగుతాయి.

లేఖలో తేదీలు, వాడబోయే యంత్రం పేరు, వారానికి ఇచ్చే స్లాట్ల సంఖ్య, బెంచ్ ఫీజు ఎంత, ఎవరు కట్టాలి, రసాయనాలు ఎవరివి, హాజరు ఎవరు ధ్రువీకరిస్తారు అన్నవి ఉండాలి. ప్రొఫెసర్లకు ఇవన్నీ కూర్చుని రాసే తీరిక ఉండదు. ముసాయిదా మీరే రాసి గైడు ద్వారా పంపితే మార్చుకుని సంతకం పెట్టేస్తారు. ఇందులో మొహమాటపడాల్సిందేమీ లేదు.

హోస్ట్ లేఖలో జూలై 6 నుంచి ఆగస్టు 28 అని, మీ లేఖలో జూలై 2 నుంచి ఆగస్టు 30 అని ఉంటే సెక్షన్‌లో "తేదీలు సరిపోలడం లేదు" అని కొర్రీ వేస్తారు. అందుకే హోస్ట్ లేఖలో "జూలై 3న నమూనాల స్వీకరణ, జూలై 6 నుంచి ఆగస్టు 28 వరకు ల్యాబ్ పని" అని రాయించండి. మీ లేఖలో "ప్రయాణ దినాలతో కలిపి" అన్న మాట పెట్టండి. రెండూ అప్పుడు అతుకుతాయి.

డేటా ఎవరిది, పేపర్‌లో ఎవరి పేరు ఉంటుంది అన్న సంగతి ఈ లేఖలో వద్దు. కానీ వెళ్లేలోపు గైడు, హోస్ట్ ప్రొఫెసర్ మధ్య ఒక ఈమెయిల్‌లో తేలిపోవాలి. యంత్రం వాడుకోనిచ్చినందుకు కృతజ్ఞతలు చాలా, సహరచయిత హోదానా అన్నది పని అయ్యాక మాట్లాడితే ఇరుకున పడేది స్కాలరే.

ఆర్‌ఏసీ తీర్మానం

2022 నిబంధనల ప్రకారం ప్రతి సెమిస్టరులో స్కాలర్ రీసెర్చ్ అడ్వైజరీ కమిటీ ముందు ప్రగతి చెప్పాలి. బయటి ల్యాబ్ పని అవసరమని ఆ సమావేశపు మినిట్స్‌లో ఒక వాక్యం నమోదైతే, పై అధికారులకు ఇంక అడగడానికి పెద్దగా ఉండదు. "ఎనిమిది జన్యువుల వ్యక్తీకరణను రియల్ టైమ్ పీసీఆర్‌తో కొలవాలని, ఆ సదుపాయం విభాగంలో లేనందున బయటి ల్యాబ్‌లో చేయాలని కమిటీ సూచించింది" అన్నంత సూటిగా ఉండాలి. సమావేశం జరిగాక వారాల తర్వాత మినిట్స్‌లో వాక్యం కలపమంటే ఎవరూ ఒప్పుకోరు. కాబట్టి సమావేశానికి ముందే గైడుతో మాట్లాడి, ప్రగతి నివేదిక చివర "తదుపరి పని" కింద ఇది రాసి ఉంచండి.

తర్వాతి ఆర్‌ఏసీ సమావేశం మీరు బయట ఉన్న రోజుల్లో పడుతుందేమో కూడా చూసుకోవాలి. పడేలా ఉంటే ముందుకో వెనక్కో జరపమని, లేదా ఆన్‌లైన్‌లో హాజరవ్వనివ్వమని ఇదే లేఖలో అడిగేయాలి.

లేఖ

విశ్వవిద్యాలయాల్లో ఇది ఎక్కువగా ఇంగ్లిష్‌లోనే పెడతారు. ఏ భాషలో పెట్టినా అంశాల వరుస ఇదే ఉండాలి. పేజీ దాటకూడదు. వివరాలన్నీ జతపరచిన పత్రాల్లో ఉంటాయి.

> తేదీ: 20-04-2026
>
> నుంచి: (పేరు), పీహెచ్‌డీ స్కాలర్, రిజిస్ట్రేషన్ నంబరు, వృక్షశాస్త్ర విభాగం
>
> కు: రిజిస్ట్రార్ గారు
>
> ద్వారా: పర్యవేక్షకులు, విభాగాధిపతి, డీన్
>
> ఆర్యా,
>
> విషయం: పీహెచ్‌డీ పరిశోధనలో భాగంగా (హోస్ట్ విశ్వవిద్యాలయం, విభాగం)లో ల్యాబ్ పనికి 02-07-2026 నుంచి 30-08-2026 వరకు అనుమతి, ఆ కాలాన్ని ఆన్ డ్యూటీగా పరిగణించడం గురించి.
>
> సూచన: 1. ఆర్‌ఏసీ సమావేశపు మినిట్స్, తేదీ. 2. హోస్ట్ విభాగం అంగీకార లేఖ, నంబరు, తేదీ.
>
> నేను (సంవత్సరం) నుంచి (పర్యవేక్షకుల పేరు) గారి వద్ద "(థీసిస్ శీర్షిక)" అంశంపై పరిశోధన చేస్తున్నాను. యూజీసీ జేఆర్‌ఎఫ్ పొందుతున్నాను.
>
> థీసిస్ మూడో లక్ష్యం కింద 24 నమూనాల్లో ఎనిమిది జన్యువుల వ్యక్తీకరణను రియల్ టైమ్ పీసీఆర్ ద్వారా కొలవవలసి ఉంది. ఈ సదుపాయం మన విభాగంలో లేదు. సూచన 1 ద్వారా ఆర్‌ఏసీ ఈ పనిని బయటి ల్యాబ్‌లో చేయవలసిందిగా సూచించింది. సూచన 2 ద్వారా హోస్ట్ విభాగం వారానికి రెండు స్లాట్ల చొప్పున ఎనిమిది వారాలు సదుపాయం కల్పించడానికి అంగీకరించింది. వారాలవారీ పని ప్రణాళిక జతపరిచాను.
>
> కావున ఈ క్రింది వాటికి అనుమతి కోరుతున్నాను:
>
> 1. ప్రయాణ దినాలతో కలిపి పై 60 రోజులు హోస్ట్ విశ్వవిద్యాలయంలో పనిచేయడానికి, ఆ కాలాన్ని ఆన్ డ్యూటీగా పరిగణించడానికి.
> 2. హోస్ట్ ప్రొఫెసర్ ధ్రువీకరించిన నెలవారీ హాజరు ఆధారంగా ఫెలోషిప్ కొనసాగించడానికి.
> 3. బెంచ్ ఫీజును, ప్రయాణ ఖర్చును నా కంటింజెన్సీ నుంచి నిబంధనల మేరకు చెల్లించడానికి.
> 4. ఈ కాలంలో హాస్టల్ గది నా పేరిట కొనసాగించడానికి.
>
> 31-08-2026 ఉదయం విభాగంలో తిరిగి రిపోర్టు చేసి, 15 రోజుల్లో పని నివేదిక, హోస్ట్ విభాగం ధ్రువపత్రం సమర్పిస్తానని హామీ ఇస్తున్నాను.
>
> భవదీయ,
> (సంతకం)
>
> జతపరచినవి: ఆర్‌ఏసీ మినిట్స్, హోస్ట్ లేఖ, పని ప్రణాళిక, పర్యవేక్షకుల సిఫార్సు, ఫెలోషిప్ అవార్డు లేఖ ప్రతి.

నాలుగు విన్నపాలకు వరుస నంబర్లు వేయడం ఊరికే కాదు. సెక్షన్ అసిస్టెంటు నోట్ రాసేటప్పుడు "1, 2 అంగీకరించవచ్చు, 3 ఫైనాన్స్‌కు పంపవచ్చు, 4 చీఫ్ వార్డెన్‌కు పంపవచ్చు" అని సులువుగా విడదీస్తారు. అన్నీ కలిపి ఒకే పేరాలో రాస్తే, ఒకదాని మీద వచ్చిన అభ్యంతరానికి మొత్తం ఫైలు వెనక్కి వస్తుంది. బెంచ్ ఫీజు సంగతి ఇంకా తేలలేదనుకుంటే మూడోదాన్ని తీసేసి విడిగా మరో లేఖ పెట్టుకోవడమే మేలు. డబ్బు విషయం ఉన్న ఫైలు నెమ్మదిగా నడుస్తుంది.

ఫైలు కదలిక, ప్రొసీడింగ్స్

జూలై ప్రయాణానికి ఏప్రిల్‌లో లేఖ పెట్టడం తొందరపాటేమీ కాదు. మే నెలలో సెలవుల వల్ల సంతకం పెట్టాల్సినవారు ఊళ్లో ఉండకపోవచ్చు. లేఖ ఇచ్చేటప్పుడు రెండో ప్రతి మీద ఇన్‌వార్డ్ నంబరు, తేదీ వేయించుకోండి. తర్వాత ఫైలు గురించి అడగాలంటే ఆ నంబరే ఆధారం. ఫైలు ఇప్పుడు ఎవరి టేబుల్ మీద ఉందో వారానికోసారి కనుక్కుంటే చాలు.

అనుమతి ఇస్తూ వచ్చే ఉత్తర్వు, అంటే ప్రొసీడింగ్స్, చేతికి రాగానే చదవకుండా సంచిలో పెట్టుకోవద్దు. తేదీలు ప్రయాణంతో కలిపి ఉన్నాయా, "ఆన్ డ్యూటీ" అన్న మాట ఉందా లేక "లీవ్" అని పడిందా, ఫెలోషిప్ కొనసాగింపు రాశారా, కాపీ ఎవరెవరికి వెళ్లింది అన్నవి చూడాలి. కింద "కాపీ టు" జాబితాలో ఫెలోషిప్ చూసే సెక్షన్ లేకపోతే వాళ్లకు విషయమే తెలియదు. యూజీసీ ఫెలోషిప్ విశ్వవిద్యాలయం ప్రతి నెలా ఆన్‌లైన్‌లో ధ్రువీకరిస్తేనే ఖాతాలో పడుతుంది. జూలైలో బయోమెట్రిక్‌లో మీ పేరు ఖాళీగా కనిపిస్తే ధ్రువీకరణ ఆగుతుంది. జాబితాలో ఆ సెక్షన్ లేకుంటే ఒక కాపీ మీరే ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి.

"ఫైలు పైన ఉంది, మీరు వెళ్లిపోండి, ఆర్డరు వెనకాల వస్తుంది" అని ఎవరైనా అభయమిస్తే మాత్రం ఆగడమే మంచిది. ముందు వెళ్లి తర్వాత అనుమతి తెచ్చుకోవడాన్ని పోస్ట్ ఫ్యాక్టో అంటారు, దానికి ఇంకా పైస్థాయి ఆమోదం కావాలి, వివరణ లేఖ రాయాలి. అప్పుడు ఆన్ డ్యూటీ దొరకడం కష్టం, లీవు కింద సర్దేస్తారు.

అక్కడ ఉన్నప్పుడు, తిరిగొచ్చాక

చేరిన రోజే హోస్ట్ విభాగంలో జాయినింగ్ రిపోర్టు ఇచ్చి, సంతకమైన ప్రతిని గైడుకు ఈమెయిల్ చేయండి. జూలై హాజరు ధ్రువపత్రాన్ని నెలాఖరులోనే పంపాలి. రెండు నెలలదీ కలిపి చివర్లో తెస్తే జూలై ఫెలోషిప్ ఆగి, తర్వాత బకాయి కింద రావడానికి ఎన్ని నెలలైనా పట్టొచ్చు.

యంత్రం పాడవడం అరుదేమీ కాదు. ఆరో వారంలో యంత్రం ఆగి పది రోజులు పోయాయనుకోండి, చివరి రోజు దాకా చూడకుండా వెంటనే పొడిగింపు అడగాలి. యంత్రం ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు పనిచేయలేదో హోస్ట్ ప్రొఫెసర్ రెండు వాక్యాల్లో రాసిచ్చిన లేఖ, ఇంకా మిగిలిన ప్లేట్ల సంఖ్య, కొత్త ముగింపు తేదీ: ఈ మూడూ ఉంటే చాలు. మొదటి అనుమతి గడువు లోపలే పొడిగింపు లేఖ ఇన్‌వార్డ్ అయ్యేలా చూసుకోండి. గడువు దాటాక అందిన లేఖను అనధికార గైర్హాజరు కిందే చూస్తారు.

బయల్దేరేముందు డేటాను ముడి ఫైళ్ల రూపంలోనే తీసుకోండి. ఎక్సెల్‌కు మార్చిన అంకెలు మాత్రమే తెచ్చుకుంటే, మెల్ట్ కర్వ్‌ను పరీక్షకులు చూపమన్నప్పుడు చూపలేరు, ఆ యంత్రం మెమొరీలో ఫైలు అప్పటికి చెరిపేసి ఉండవచ్చు. ల్యాబ్ నోట్‌బుక్ పేజీల మీద హోస్ట్ సంతకం, నో డ్యూస్, పని పూర్తయినట్టు తేదీలతో ధ్రువపత్రం అక్కడే తెచ్చేసుకోవాలి. ఆగస్టు 31 ఉదయమే విభాగంలో జాయినింగ్ రిపోర్టు ఇచ్చి బయోమెట్రిక్ వేయండి. ప్రయాణ బిల్లుకు టికెట్లతో పాటు ప్రొసీడింగ్స్ కాపీ, హోస్ట్ ధ్రువపత్రం జతచేయాలి. ఈ మూడింట్లో తేదీలు ఒకదానితో ఒకటి అతికితే ఆడిట్ నుంచి కొర్రీ రాదు.

ఫీల్డ్‌వర్క్ అయితే మారేవి

లేఖ రూపం అదే. కష్టమంతా హాజరు దగ్గర, ముందస్తు అనుమతుల దగ్గర ఉంటుంది. ఊళ్లు తిరిగేవారికి రోజూ సంతకం పెట్టేవారు ఉండరు. కాబట్టి దగ్గరి విశ్వవిద్యాలయంలో ఒక విభాగాన్ని అనుబంధంగా పెట్టుకుని, పదిహేను రోజులకోసారి అక్కడ రిపోర్టు చేసే ఏర్పాటు వర్క్ ప్లాన్‌లోనే చూపండి. రోజువారీ ఫీల్డ్ డైరీలో తేదీ, ఊరు, చేసిన పని, కలిసినవారి సంఖ్య రాసి ఉంచితే అదే హాజరుకు ఆధారమవుతుంది. డైరీలో ఇంటర్వ్యూ ఇచ్చినవారి పేర్లు రాయకూడదు, కోడ్ నంబర్లే ఉండాలి. ఆ డైరీ సెక్షన్‌కి, ఆడిట్‌కి వెళ్తుంది.

మనుషుల మీద అధ్యయనమైతే ఎథిక్స్ కమిటీ ఆమోదం, అభయారణ్యంలో అయితే అటవీశాఖ అనుమతి, మీ లేఖ పెట్టేముందే చేతిలో ఉండాలి. ముఖ్యంగా అటవీశాఖ అనుమతికి నెలలు పట్టవచ్చు. అది రాకుండా జూలై నుంచి ఆగస్టు అని తేదీలు వేసి ఆన్ డ్యూటీ తెచ్చుకుంటే, అనుమతి సెప్టెంబరులో వస్తుంది, చేతిలోని ప్రొసీడింగ్స్ గడువు తీరిపోయి ఉంటుంది, తేదీల సవరణకు ఫైలు మళ్లీ మొదటి టేబుల్ నుంచి నడుస్తుంది. దరఖాస్తు చేశాం, ఇంకా రాలేదు అన్న స్థితిలో ఉంటే లేఖలో తేదీల బదులు "అటవీశాఖ అనుమతి అందిన తేదీ నుంచి 15 రోజుల్లోపు మొదలుపెట్టి 60 రోజులు" అని రాసి, కచ్చితమైన తేదీలను బయల్దేరేముందు గైడు ద్వారా తెలియజేస్తానని చేర్చండి. అన్ని విశ్వవిద్యాలయాలూ ఇలాంటి వాక్యానికి ఒప్పుకోవు. సెక్షన్‌లో ముందే అడిగి, ఒప్పుకోరంటే అటవీశాఖ కాగితం చేతికొచ్చేదాకా లేఖ ఆపడమే దారి.